పింగాణీ, గాజు వస్తువుల వివరణలో ప్యాకింగ్ గురించి ఏం రాయాలి?

ప్రశ్న: "పింగాణీ, గాజు సామాను ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ‘జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపుతాం’ అని రాస్తున్నా, పగలకుండా వస్తుందా అని కొనేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వివరణలో ఇంకేం రాయాలి?"

జవాబు: ‘జాగ్రత్తగా’ అన్న మాటలో కొనేవారు సరిచూసుకోగలిగింది ఏమీ లేదు. పెట్టె తెరిచినప్పుడు వారికి ఏ వరుసలో ఏమేం కనబడతాయో, వస్తువులో ఏ భాగం బలహీనమో, ఇప్పటికే ఉన్న లోపాలు ఎలా కనిపిస్తాయో రాస్తే వారు తామే అంచనా వేసుకుంటారు. నేను పాత పింగాణీ సామాను అమ్ముతుంటాను. నా అనుభవంలో వచ్చే సందేహాలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

మూత ఉన్న టీపాట్‌నే తీసుకుందాం. మూత తీసేశాక దాని కొలతలు పొడవు 22, వెడల్పు 14, ఎత్తు 12 సెంటీమీటర్లు అనుకోండి. దానికి నేను రాసే వివరణ ఇలా ఉంటుంది: "ఇందులో పాత్ర ఒకటి, మూత ఒకటి, మొత్తం రెండు భాగాలు. రెండింటినీ విడివిడిగా ముందు మెత్తని టిష్యూ పేపరులో, ఆపైన బబుల్ ర్యాప్‌లో చుట్టి, మధ్యలో అట్ట ఉంచి ఒకే లోపలి పెట్టెలో పెడతాము. ఆ పెట్టె మరో పెద్ద అట్టపెట్టెలో, అన్ని వైపులా సుమారు 5 సెంటీమీటర్ల మెత్తతో వస్తుంది. బయటి పెట్టె కొలతలు 38, 30, 36 సెంటీమీటర్లు. పాత్రలో బలహీనమైనవి పిడి, కొమ్ము. బయటికి తీసేటప్పుడు వాటిని పట్టుకుని లాగకుండా, రెండు చేతులతో అడుగు భాగాన్ని పట్టుకోండి."

భాగాల సంఖ్య రాయడం అనవసరంగా అనిపించవచ్చు. కానీ చిన్న మూతను బబుల్ ర్యాప్‌లో చుట్టాక అది ప్యాకింగ్ సామగ్రిలాగే కనబడుతుంది. నా దగ్గర కొన్నవారొకరు దాన్ని చుట్టలతో పాటే పారేసి, మూత రాలేదని రాశారు. అప్పటి నుంచి సంఖ్యను మొదటి వాక్యంలోనే పెడుతున్నాను. మూతను పాత్ర మీదే ఉంచి టేపు వేసి పంపడం మాత్రం వద్దు: ప్రయాణపు కుదుపులకు రెండు అంచులూ ఒకదానికొకటి రాసుకుని పెచ్చులు ఊడతాయి, బంగారు గీతలుంటే టేపుతో పాటు అవీ ఊడిరావచ్చు. బయటి పెట్టె కొలతలు ఎందుకంటే, కొరియర్ ఖర్చు తరచుగా బరువుతో పాటు పెట్టె పరిమాణాన్ని బట్టి కూడా ఉంటుంది. చిన్న పాత్రకు అంత ఖర్చెందుకన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది పాత లోపాల వర్ణన మీద. గ్లేజు పూతలో మాత్రమే వలలా అల్లుకునే సన్నని గీతలకూ, మట్టి లోపలిదాకా దిగిన బీటకూ చాలా తేడా ఉంది. పూతకూ లోపలి మట్టికీ వేడికి వ్యాకోచించడంలో, చల్లబడితే కుంచించుకోవడంలో పొంతన కుదరనప్పుడు మొదటిది ఏర్పడుతుంది. అది ప్రయాణంలో పుట్టిన దెబ్బ కాదు. రెండోది సాధారణంగా అంచు దగ్గరో పిడి అతికిన చోటో మొదలై ఒంటరిగా సాగుతుంది, తరచుగా పాత్ర లోపలి వైపూ కనిపిస్తుంది. వేలి కణుపుతో మెల్లగా తడితే, బీట ఉన్న పాత్ర తరచుగా ఖంగుమనకుండా మొద్దుగా పలుకుతుంది. అయితే దళసరి మట్టి పాత్రలు బాగున్నా పెద్దగా మోగవు కాబట్టి, ఈ ఒక్క పరీక్షనే నమ్ముకుని ‘బీటలు లేవు’ అని రాయకూడదు. ‘స్వల్ప లోపాలు ఉన్నాయి’ అనే బదులు, "లోపలి అడుగున పూతలో వల లాంటి గీతలు ఉన్నాయి, మూత అంచున 2 మిల్లీమీటర్ల పెచ్చు ఊడింది, నాలుగో ఫోటో చూడండి" అని రాయండి. అప్పుడు పెట్టె తెరిచినవారు పాత గుర్తునూ కొత్త దెబ్బనూ తామే వేరుచేయగలరు.

దెబ్బతిని వస్తే ఏం చేయాలన్నదీ వివరణలోనే ఉండాలి. రెండు పెట్టెలనూ మెత్తలనూ పారేయకుండా, ముక్కలు ఉన్న చోటే ఉంచి ఫోటోలు తీయమనండి. పరిహారం అడిగినప్పుడు కొరియర్ వారు ప్యాకింగ్‌ను కూడా చూపమనడం మామూలే. బయట ‘పగిలే వస్తువు’ అన్న స్టిక్కరు అంటిస్తే అంటించండి, కానీ దాన్ని రక్షణగా వివరణలో చెప్పకండి. కన్వేయర్ బెల్టు స్టిక్కరు చదవదు కదా.

గాజుకైతే ఇంకొక్క వాక్యం కలుపుతాను: చలిలో ప్రయాణించి వచ్చిన గాజును గది వేడికి అలవాటు పడనిచ్చిన తర్వాతే కడగాలి, వెంటనే వేడినీళ్లు తగిలితే పగలవచ్చు.