ఆ లేఖలో గోడు వెళ్లబోయకండి, తేదీలు రాయండి

ప్రశ్న: అమ్మకు ముందుగా అనుకున్న ఆపరేషన్ చేయించాము. అది పాలసీకి ముందే ఉన్న జబ్బు అంటూ ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. అప్పీల్ లేఖ ఎలా రాయాలి? లాయరును పెట్టుకోవాలా?

లాయరు సంగతి తరువాత. ముందు ఆసుపత్రికి వెళ్లి మీ అమ్మగారి కేస్ షీట్ మొత్తం నకలు తెచ్చుకోండి. ఇలాంటి తిరస్కరణల్లో పదికి తొమ్మిది ఆ కాగితాల్లోనే పుడతాయని నా గట్టి నమ్మకం. లెక్కలు అడగకండి, నాకు జరిగింది చెబుతాను.

మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు రైతు కుటుంబం. నాన్నకు గజ్జలో వాపు కనిపిస్తే 2024 ఆగస్టులో ఒంగోలులో సర్జనుకు చూపించాము. హెర్నియా అన్నారు. పంట పనులు చూసుకుని నవంబరులో ఆపరేషన్ పెట్టుకున్నాము. పాలసీ 2022 మార్చిది. హెర్నియాకు అందులో 24 నెలల వెయిటింగ్ పీరియడ్, అది దాటిపోయింది. నిశ్చింతగా వెళ్లాము.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం క్యాష్‌లెస్ కుదరదని సందేశం వచ్చింది. అది క్లెయిమ్ తిరస్కరణ కాదు, డబ్బు కట్టి తరువాత బిల్లులు పెట్టుకోవచ్చు. 86,400 రూపాయలు కట్టి, బిల్లులు పంపాము. నెలకు జవాబు వచ్చింది: వాపు మూడేళ్లుగా ఉంది, కాబట్టి ఇది పాలసీకి ముందే ఉన్న జబ్బు, దానికి 36 నెలలు ఆగాలి, మీకు 32 నెలలే అయ్యాయి.

మూడేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? కేస్ షీట్ తెప్పించి చూస్తే, చేర్చుకున్న రాత్రి డ్యూటీ డాక్టరు వాపు మూడేళ్లుగా ఉందని రాసి ఉంది. నాన్నను అడిగాను. "ఎప్పటి నుంచని ఆ అబ్బాయి అడిగాడు. బేళ్లు ఎత్తడం మానేసి మూడేళ్లయిందయ్యా అన్నాను" అన్నారు. నడుము నొప్పితో మానేసిన బేళ్లు హెర్నియా ఖాతాలో పడ్డాయి! రోగి చెప్పింది రాసుకున్నాక ఒక్కసారి తిరిగి చదివి వినిపిస్తే వీళ్ల సొమ్మేం పోతుందో నాకు అర్థం కాదు. పాలసీ అమ్మినప్పుడు రోజుకు రెండుసార్లు పలకరించిన ఏజెంటు మాత్రం ఆ నెలంతా ఫోను ఎత్తలేదు.

నేను మొదట రాసిన లేఖ మూడు పేజీలు. నాన్న కష్టం, సకాలంలో కట్టిన ప్రీమియం, కంపెనీ అన్యాయం, అన్నీ ఉన్నాయి. చింపేశాను. రెండోది ఒక పేజీ. కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారి పేరిట, పైన పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, తిరస్కరణ లేఖ తేదీ. కింద రెండే మాటలు.

మొదటిది: ఆగస్టు నాటి ఓపీ చీటీలో వాపు మూడు నెలలుగా ఉందని సర్జనే స్వయంగా రాశారు. క్లెయిమ్ ఆలోచనే లేనప్పటి కాగితం కాబట్టి దాని బరువు ఎక్కువ. రెండోది: పాలసీ నిర్వచనం ప్రకారం, పాలసీకి ముందు నిర్ణీత కాలంలో డాక్టరు నిర్ధారించిన, లేదా సలహా గానీ చికిత్స గానీ చెప్పిన జబ్బే ముందే ఉన్న జబ్బు. 2022 మార్చికి ముందు నాన్న దీని గురించి ఏ డాక్టరునూ కలవలేదు, కలిసినట్టు కాగితం ఉంటే చూపమని అడిగాను. మీ పాలసీ పుస్తకంలో ఆ నిర్వచనం చదివి, క్లాజు నంబరుతో సహా ఎత్తి రాయండి.

ఓపీ చీటీ, స్కాన్ రిపోర్టులతో పాటు సర్జను వివరణ లేఖ జత చేశాను. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, ఇన్‌పేషెంట్ నంబరు, ఆయన రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్రతో. కేస్ షీట్‌లో అంకె కొట్టేసి దిద్దిస్తామని ఆసుపత్రిలో ఒకాయన ఉదారంగా అన్నాడు. వద్దన్నాను. కంపెనీ దగ్గర పాత నకలు ఉంది, దిద్దింది పంపితే మనమే దొంగలమవుతాము. జబ్బు నిజంగానే పాలసీకి ముందు బయటపడి, డాక్టరుకు చూపించుకుని ఉంటే మాత్రం ఈ దారి మీకు పనికిరాదు. అబద్ధపు లేఖ అడిగి ఆ సర్జనును ఇరికించకండి.

ఇక లాయరు. కంపెనీ కాదన్నా, నెల దాటినా జవాబివ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మన రాష్ట్రం హైదరాబాదు కార్యాలయం కిందకు వస్తుంది. రుసుము లేదు, లాయర్లను అనుమతించరు, మీరే చెప్పుకోవాలి. కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి.

నాకు అంతదూరం పోవలసిన పని పడలేదు. పంతొమ్మిదో రోజున చేతి తొడుగులు, దూది వంటి వాటికి 5,150 కోసుకుని మిగతాది నాన్న ఖాతాలో వేశారు. ఆ దూది లెక్క మీద కూడా ఒక లేఖ రాద్దామంటే, "ఇక వదిలేయరా" అన్నారు నాన్న.