మావాళ్ళకి ఇస్తే అగేరు కాదు

అమ్మలూ,

జపాన్‌లో, నగోయాలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఆ సంతోషంలోనే టెన్షన్ కూడా పట్టుకుంది, ఒక్కదానివే ఉంటావు కదా అని. చలికోటు కొనుక్కో, రెసిడెన్స్ కార్డు ఎప్పుడూ దగ్గరే ఉంచుకో. ఇవి నీకు తెలియనివేం కాదు.

నా భయమంతా ఇవ్వడం దగ్గర. మనకి ఎవరు ఎవరికిచ్చినా 'ఇచ్చారు' ఒక్కటే మాట. జపనీస్‌లో అలా కాదు, నా నుంచి, నావాళ్ళ నుంచి బయటికి వెళ్తే అగేరు, బయటి నుంచి నాకో నావాళ్ళకో వస్తే కురేరు. పుస్తకంలో 'నాకు' వరకే గట్టిగా గుర్తుంటుంది, ఆ 'నావాళ్ళకి' దగ్గరే నేను జారిపడ్డాను.

నగోయాలో మా మొదటి చలికాలం. అత్తయ్యకి జ్వరం, నాకు సెలవు దొరకలేదు. పక్కింటి పెద్దావిడ ఒకయు, అంటే మన గంజన్నం లాంటిది, వండి తెచ్చింది. మర్నాడు ఆఫీసులో మా పెద్దాయన అడిగితే గొప్పగా చెప్పాను, "తొనరి నో ఒబాసన్ గ త్సుమ ని ఒకయు ఓ అగెమషిత." పక్కింటావిడ నా భార్యకి గంజన్నం ఇచ్చింది అని, అగేరుతో. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఆ, కురెత న్ దెసు నె" అన్నాడు, ఇచ్చిందన్నమాట అని, కురేరుతో. నేను ఊ కొట్టి ఊరుకున్నాను. అది దిద్దుబాటని ఎవరనుకుంటారు! వాళ్ళు తప్పని మొహం మీద అనరే, నీ వాక్యాన్నే సరైన క్రియతో తిరిగి నీకు అప్పజెబుతారు. ఆ చివరి మాట మీద చెవి పెట్టు.

ఇంటికెళ్ళి చెబితే, నాకంటే ముందే పక్కింటివాళ్ళ దగ్గర భాష పట్టేసిన మీ అత్తయ్య, "అగెమషిత అన్నావా? అంటే నేనేమైనా దారినపోయేదాన్నా?" అంది. నిజమే మరి. త్సుమ అంటే నా భార్యే, మాటలో ఆ సంగతి ఉంది. క్రియ మాత్రం ఆమెని గడప బయట నిలబెట్టింది. మనం, మేము తేడా పాటించే తెలుగువాణ్ణి, నాకే తట్టకపోవడమేంటో!

మొరౌ కూడా ఇదే కథ, పుచ్చుకున్న మనిషి వైపు నుంచి చెప్పడం. "త్సుమ వ ఒబాసన్ ని ఒకయు ఓ మొరైమషిత" అనొచ్చు. ఇక్కడ 'ని' అంటే 'కి' కాదు, 'దగ్గర్నుంచి'. కంగారుపడి గంజి ఆవిడకి తాగించకు.

పనులకీ ఇదే లెక్క. ఎవరైనా నేర్పితే 'ఒషియెత' అని వదిలెయ్యకు, 'ఒషియెతె కురెత' అను. అది లేకపోతే ఆ సాయం నీకు చేరినట్టే ఉండదు. పైవాళ్ళతో మాత్రం 'తెత్సుదత్తె అగెమసు' అనకు, నేను నీకు సాయం చేసిపెడతాలే అని దయ చూపించినట్టు వినిపిస్తుంది. 'తెత్సుదైమషో క', సాయం చెయ్యనా అని అడుగు, చాలు.

ఒంట్లో బాగోకపోతే దాచకు తల్లీ. ఆ గిన్నె ఎవరు తెచ్చారో నాకు ఫోన్ చేసి జపనీస్‌లోనే చెప్పు, క్రియ వింటాను.

మీ మామయ్య