స్లాబులు మూడు, తీసింది 9 కోట్లు: స్టేట్‌మెంట్ ఎలా చూడాలి?

"గుంటూరు గోరంట్లలో ఫ్లాట్ బుక్ చేశాం. ప్రాజెక్టు ఖాతా స్టేట్‌మెంట్‌లో 10 కోట్లు జమ, 9 కోట్లు విత్‌డ్రా ఉన్నాయి. పడింది మూడో స్లాబే. మోసమేనా?"

స్లాబులు చూసి అప్పుడే టెన్షన్ పడకండి. రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ఈ ఖాతాలో పడాలి. దాన్ని నిర్మాణానికే కాదు, స్థలం ఖర్చుకూ వాడవచ్చు. చాలామంది తికమకపడేది ఇక్కడే.

స్థలం 6 కోట్లు, నిర్మాణం అంచనా 14 కోట్లు అనుకుందాం. స్థలం సొమ్ము పూర్తిగా కట్టి, స్లాబులకు 4 కోట్లు ఖర్చయితే మొత్తం 10 కోట్లు. అప్పుడు 9 కోట్లు తీయడం హద్దులోనే ఉంది. అదే స్థలానికి 3 కోట్లే చెల్లించి ఉంటే ఖర్చు 7 కోట్లే. మిగతా 2 కోట్లకు బిల్డర్ లెక్క చెప్పాలి. అందుకే సీఏ సర్టిఫికెట్‌లో స్థలానికి నిజంగా ఎంత చెల్లించారో ముందు చూడండి.

తర్వాత ప్రతి విత్‌డ్రా పక్కన ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫికెట్ల తేదీలు రాసుకోండి. డబ్బు ముందు తీసి, సర్టిఫికెట్ తర్వాత తెచ్చుకుంటే అది తప్పే.

జమల వైపు కూడా వదలకండి. విజయవాడలో నేను జీఎస్టీ కాకుండా 10 లక్షలు కడితే ఖాతాలో 7 లక్షలు కనిపించాలి, 4 లక్షలే ఉన్నాయి. రసీదు పెట్టి రాతపూర్వకంగా అడిగాకే మిగతా 3 లక్షలు పడ్డాయి. మీ రసీదులతో ముందు ఈ లెక్క సరిచూసుకోండి.