ఆ మూడు ఉత్తరాలు ఎక్కడ అబ్బాయీ?

నెల్లూరు

అబ్బాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది నచ్చి కాదు, కవర్లోంచి ఏదైనా పేజీ జారిపోయిందేమోనని. పెంచలయ్య మూడుసార్లు రాజీనామా రాశాడన్నావు. మొదటిది 'కోపంతో' రాశాడట, రెండోది 'బాధతో', మూడోది 'కన్నీళ్లతో'. మూడింట్లో ఒక్కదాన్నీ నాకు చూపించలేదు. చివరికి అన్నీ చింపి పెన్నలో వేశాడన్నావు. మార్చి నెలలో ఏ రేవు దగ్గర వేశాడో, అక్కడ నీళ్లున్నాయో లేదో కూడా చెప్పలేదు.

ఐసు నీళ్లలో చేతులు పెట్టీ పెట్టీ ముడతలు పడిన వేళ్లలోంచి పెన్ను జారిపోయిందని రాశావే, అది బాగుంది. అది ఎవరో చెబితే రాసింది కాదు, చూసి రాసింది. రొయ్యల ఫ్యాక్టరీ నీకు తెలుసని ఆ ఒక్క వాక్యంతో నమ్మాను. తెలిసినవాడివి మిగతాదంతా ఎందుకు దాచావన్నదే నా కోపం.

నేను ముత్తుకూరు రోడ్డులో ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. హాజరు, లీవులు, రాజీనామాలు అన్నీ నా బల్ల మీదుగానే పోయేవి. అందుకే చెబుతున్నాను, కథలో ఒక కాగితం ఉంటే ఆ కాగితాన్ని చదివించాలి. తేదీతో, సబ్జెక్టు లైనుతో, కింద సంతకంతో సహా. కోపం, బాధ, కన్నీళ్లు అని నువ్వు చెప్పక్కర్లేదు. ఒక ఉత్తరంలో ఉన్న వాక్యం తర్వాతి ఉత్తరంలో లేకపోతే పాఠకుడికి అదే తెలుస్తుంది.

ముందు ఆ మీటింగు సంగతి చూద్దాం. 'మేనేజరు నోటికొచ్చినట్టు తిట్టాడు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. దేని గురించి తిట్టాడు? పెంచలయ్య గ్రేడింగ్ సూపర్‌వైజరు అన్నావు కాబట్టి నేనే ఊహించుకున్నాను, కౌంటు గొడవ అయ్యుంటుంది. చెరువు గట్టున కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలని. ఎక్స్‌పోర్టుకొచ్చేసరికి లెక్క పౌనుకి మారుతుంది. పెట్టె మీద 21/25 అని ఉంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఇరవై ఒకటి నుంచి ఇరవై అయిదు లోపు రావాలి. ఇరవై ఎనిమిది వచ్చాయంటే లోపల ఉన్నది 26/30 సరుకు. చిన్న సరుకుని పెద్ద సరుకు ధరకి అమ్మినట్టు. కొన్నవాడు ఊరుకోడు, క్లెయిమ్ వేస్తాడు.

ఇందులో నీ కథకి పనికొచ్చే సంగతి ఒకటుంది. సరుకు ఓడెక్కి, అమెరికా చేరి, అక్కడ పెట్టె విప్పేసరికి నెల దాటిపోతుంది. అంటే మార్చిలో జరిగిన మీటింగులో అరిచింది జనవరిలో ఏదో ఒక రాత్రి గురించి. ఆ రాత్రి మేనేజరుకి గుర్తుండదు, షిఫ్టు ఇన్‌చార్జికి గుర్తున్నా గుర్తులేదంటాడు. గుర్తున్నది గ్రేడింగ్ రిపోర్టుకి ఒక్కదానికే. రాత్రి రెండింటికి తీసిన శాంపిల్లో ఇరవై ఎనిమిది వచ్చాయని పెంచలయ్య అందులో రాశాడనుకో. ఇన్‌చార్జికి చూపించాడు. 'కంటైనరు టైమవుతోంది, కానీయ్ అబయా' అన్నాడతను. ఇప్పుడు పీలింగ్ ఆడవాళ్లందరి ముందూ తిట్లు తిన్నది పెంచలయ్య.

ఇక మొదటి ఉత్తరం. అది మీటింగు అయిన గంటలోనే పుడుతుంది, దొరికిన కాగితం వెనక. పేరుకి రాజీనామా గానీ నిజానికి అది ఫిర్యాదు. ఇలాంటివి నా దగ్గరికి చాలా వచ్చేవి. రెండు పేజీలుంటాయి. మనవాడు రాసేది ఇంగ్లీషులోనే, అదీ బళ్లో నేర్చుకున్న లీవు లెటరు మూసలో. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి మూడో వాక్యంలోనే సార్‌ని కడిగేస్తాడు. 'రాత్రి రెండు గంటల శాంపిల్లో 28 కౌంటు వచ్చిందని రిపోర్టులో రాసి ఇన్‌చార్జి గారికి చూపించాను' అనే వాక్యం అందులో తప్పకుండా ఉండాలి. దాన్ని గుర్తుపెట్టుకో. చివర 'ఈ క్షణం నుంచే మానేస్తున్నాను' అంటాడు.

ఆ ఉత్తరం అలాగే ఇస్తే ఏమవుతుందో నీకు తెలిసుండాలి. అపాయింట్‌మెంట్ ఆర్డర్లో నెల నోటీసు అని ఉంటే, ఈ క్షణం నుంచే పోయినవాడికి రావాల్సిన డబ్బులోంచి నెల జీతం పట్టుకుంటారు. రిలీవింగ్ లెటర్ కోసం తిప్పుతారు. ఆ రెండు పేజీల ఆరోపణలకి ఎవరూ జవాబివ్వరు. గుమస్తా 'అందినది' అని ముద్ర గుద్ది పర్సనల్ ఫైల్లో పెట్టేస్తాడు. ఆ గుమస్తాని నేనే.

రెండో ఉత్తరం ఇంటికెళ్లి అన్నం తిన్నాక. భార్య ఏమీ అనలేదని రాశావు, సరే. కానీ పక్క కంపెనీలో చేరాలంటే రిలీవింగ్ లెటర్ అడుగుతారని ఎవరో ఒకరు గుర్తుచేయాలిగా. అప్పుడతను అంతకుముందు మానేసిన స్నేహితుడికి ఫోను చేసి వాడి ఉత్తరం వాట్సాప్‌లో తెప్పించుకుంటాడు. పేరూ తేదీ మారుస్తాడు. మూడే లైన్లు: వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను, నెల నోటీసు ఇస్తున్నాను, ఇన్నాళ్లూ నాకిచ్చిన సహకారానికి కృతజ్ఞతలు. 28 కౌంటు వాక్యం మాయమైంది. తిట్టినవాడికి కృతజ్ఞతలు చేరాయి. నా మటుకు మూడింట్లోనూ ఏడుపొచ్చేది ఇదే, నువ్వేమో కన్నీళ్లన్నీ మూడోదాని మీద పోశావు.

ఈ మాట మీద నాకు పాత మంట ఒకటుంది, చెప్పక తప్పదు. నా మొదటి కథల్లో ఒకదాంట్లో ఒక మెమో ఉండేది. అయిదు లైన్ల మెమో, కథంతా దాని మీదే నిలబడింది. నైట్ షిఫ్టులో అమోనియా వాసన పీలుస్తూ, పాత హాజరు షీట్ల వెనక రాసి, ఆదివారం ఫెయిర్ చేసి, తిరుగు టపా స్టాంపులు జతచేసి పంపాను. ఒక వారపత్రిక వేసుకుంది. వేసుకుంది గానీ తలనూనె ప్రకటనకి చోటు చాలక మెమోని ఎత్తేసింది. అడిగితే సంపాదకుడు గారు 'ఆఫీసు కాగితాల్లో సాహిత్యం ఏముందయ్యా' అన్నాడు. పాఠకులేమో మెమోలో ఏముందని ఉత్తరాలు రాశారు, నాకు కాదు, ఆయనకే. అప్పట్లో కొసమెరుపు ఫ్యాషను. ఇప్పుడు ప్రతి పేరాలో ఒక కవిత్వపు వాక్యం ఫ్యాషను. నీ కథలో 'మౌనం మంచులా కురిసింది' అని రెండుచోట్ల ఉంది. నెల్లూరులో మంచు ఎప్పుడు చూశావు నువ్వు? కొట్టేయ్.

మూడో ఉత్తరం దగ్గరికొద్దాం. రెండోదాన్ని మూడోదిగా మార్చేది మనసు కాదు, కాగితం. నోటీసు నెలా రెండు నెలలా అని చూసుకోవడానికి పెంచలయ్య బీరువాలోంచి అపాయింట్‌మెంట్ ఆర్డరు తీస్తాడు. చేరిన తేదీ 16-08-2021 అని కనబడుతుంది. ఇప్పుడు 2026 మార్చి. అయిదేళ్లు నిండడానికి ఇంకా అయిదు నెలలుంది. పర్మనెంటు ఉద్యోగి తనంతట తాను మానేస్తే గ్రాట్యుటీ రావడానికి అయిదేళ్ల సర్వీసు కావాలి. నాలుగేళ్ల మీద 240 రోజులు చేస్తే చాలని మద్రాసు హైకోర్టు చెప్పిన మాట ఒకటుంది. దాన్ని పట్టుకుని కంపెనీతో వాదించే ఓపిక పెంచలయ్యకుంటుందా?

లెక్క నువ్వే కాగితం మీద వేయించు. బేసిక్, డీఏ కలిపి 15,600 అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకి 600. ఏడాదికి పదిహేను రోజుల చొప్పున 9,000. అయిదేళ్లకి 45,000. వాళ్ల పాప ఫీజు గురించి మొదటి పేజీలో చెప్పి వదిలేశావు చూడు, ఆ మాటకి ఇప్పుడు పని దొరికింది. పోనీ ఆగస్టు తేదీ వేసి ఇప్పుడే ఇచ్చేస్తే? అలా ఇచ్చినవాళ్లని నెల నోటీసు కాగానే పంపించేయడం నేను చూశాను. కాబట్టి ఇచ్చేది జులై 20న, పోయేది ఆగస్టు 19న. రాసేది మాత్రం ఈ రాత్రే.

'నేను 16-08-2021 నుంచి మీ సంస్థలో గ్రేడింగ్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఈ ఉత్తరాన్ని నెల నోటీసుగా తీసుకుని 19-08-2026 సాయంత్రం నన్ను రిలీవ్ చేయగలరు. జతపరచినది: 21-01-2026 నైట్ షిఫ్టు గ్రేడింగ్ రిపోర్టు జిరాక్సు.'

అంతే. కృతజ్ఞతలు లేవు, తిట్లూ లేవు. మొదటి ఉత్తరంలోంచి పోయిన వాక్యం ఇక్కడ జతపరచిన కాగితంగా తిరిగొచ్చింది. పర్సనల్ ఫైల్లో ఒకసారి చేరాక దాన్ని ఎవరూ తీసేయలేరు అనను, తీసేయగలరు. కానీ తీసేయాలంటే ముందు చదవాలి.

ఆ తర్వాత అయిదు నెలలు అదే మేనేజరు ముందు రోజూ పంచ్ కొట్టి లోపలికెళ్లాలి. వీఆర్సీ సెంటర్లో అదే స్టాఫ్ బస్సెక్కాలి. నీ కథ అక్కడ ఆగాలో, ఆ అయిదు నెలల్లోకి పోవాలో నువ్వు తేల్చుకో. చింపి పెన్నలో వేయడం మాత్రం వద్దు.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, ఏ పత్రికకి పంపాలనీ అడిగావు. పత్రికల గురించి నన్నడగకు, ఇందాకే చెప్పాను. నెల్లూరు యాసలో రాయనా అంటే, మాటలు ఎలా వినబడితే అలా రాయి, నీ మేనేజరు మాత్రం మన ఊరివాడిలా మాట్లాడటం లేదు, అతనిది ఏ ఊరో ముందు నువ్వు తెలుసుకో.

ఈసారి కథ పంపొద్దు. పెంచలయ్య రాసినవి మూడు ఉత్తరాలూ మూడు విడి కాగితాల మీద, కొట్టివేతలతో సహా, అతను రాసినట్టే రాసి పంపు. మొదటిది ఏ కాగితం వెనక రాశాడో ఆ కాగితం కూడా.

ఉంటాను.