యాదమ్మ అనే ఒక్క పేరుకు టికెట్ ఎట్లుండాలె

"మాది హాలియా. మా అమ్మ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీ, పేరు యాదమ్మ అని ఒక్కటే ఉన్నది. అక్క దగ్గరికి అమెరికా పోవాలె. ఏజెంట్ టికెట్‌లో మా ఇంటిపేరు సర్‌నేమ్‌గా వేసిండు. అడిగితే ఏం కాదంటుండు. నిజంగ ఏం కాదా?"

అవుతది తమ్ముడూ, మాకు అయింది. మా అమ్మ పేరు కూడ ఒక్క మాటే. నల్లగొండలో టికెట్ తీసుకున్నం, ఇట్లనే ఇంటిపేరు కలిపిన్రు. నేను ఏజెంట్‌ను పట్టుకొని అడిగితే "బుకింగ్‌లో రిమార్క్ పెట్టించిన, కౌంటర్‌లో చూసుకుంటరు" అన్నడు. అర్ధరాత్రి శంషాబాద్ కౌంటర్‌లో ఆ రిమార్క్ వాళ్లకు కనిపించింది కూడ. కానీ టికెట్ మీది ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో లేదు. టికెట్ ఇచ్చినోళ్లే మార్చాలన్నరు. ఆ వేళ ఏజెంట్ ఫోన్ ఎత్తలే. విమానం పోయింది. అమ్మ రెండు బ్యాగులు పట్టుకొని మళ్లీ ఇంటికొచ్చింది.

కౌంటర్‌లో ఎందుకంత పట్టింపు అంటే, అమెరికా పోయే ప్రతి ప్రయాణికుని పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ వివరాలు విమానం లేవకముందే విమాన సంస్థ అక్కడి ప్రభుత్వానికి పంపాలె. అక్కడ దిగినంక రానీయకపోతే తిరిగి తెచ్చే భారం ఆ సంస్థదే, జరిమానా కూడ పడొచ్చు. అందుకే కౌంటర్‌లో కూర్చున్నోళ్లు తమకు తాముగ "పోనీలే" అనలేరు. మన దగ్గర ఇంటిపేరు ఊరందరికీ తెలిసిందే, కానీ పాస్‌పోర్ట్‌లో లేకపోతే వాళ్ల లెక్కలో ఆ పేరు వేరే మనిషిదే.

అసలు తిప్పల బుకింగ్ ఫారంలో ఉన్నది. టికెట్ సిస్టమ్ పేరును ముందు సర్‌నేమ్, గీత, తర్వాత సొంత పేరు అని దాచుకుంటది. ఒక గడి ఖాళీ పెడితే ముందుకు పోనీయదు. అందుకే ఏజెంట్లు ఏదో ఒకటి నింపుతరు. దానికి పద్ధతి ఉన్నది. మీ అమ్మ వీసా స్టిక్కర్ చూడు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ లేనోళ్లకు అమెరికా వీసాలో, ఉన్న ఆ ఒక్క పేరును సర్‌నేమ్ గడిలో వేసి, రెండో గడిలో FNU అని రాస్తరు. "మొదటి పేరు తెలియదు" అని దాని అర్థం, తప్పు కాదు. టికెట్ కూడ సంస్థను బట్టి ఎక్కువగా ఈ రెండిట్లో ఒక తీరుగ ఉంటది:

```
YADAMMA/FNU
YADAMMA/YADAMMA
```

ఏది పెట్టాలో ఆ విమాన సంస్థనే మెయిల్‌లో అడుగు, జవాబు ప్రింట్ తీసి అమ్మ సంచిలో పెట్టు. చివర `MRS` అతుక్కొని `FNUMRS` అని కనిపిస్తే భయపడకు, అది గౌరవ పదమే. ఇంటిపేరు మాత్రం ఎక్కడా ఉండొద్దు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. టికెట్ ఏజెంట్ దగ్గర కొన్నవు కాబట్టి సంస్థకు ఫోన్ చేస్తే మళ్లీ ఏజెంట్ దగ్గరికే పొమ్మంటరు. అతని ముందట కూర్చొని, రిమార్క్ వద్దు, పేరు సరిచేసి టికెట్ మళ్లీ ఇష్యూ చేయమని అడుగు. అయిందో లేదో తెలుసుకోవడానికి 13 అంకెల ఈ-టికెట్ నంబర్ చూడాలె. మళ్లీ ఇష్యూ అయితే మామూలుగా కొత్త నంబర్ వస్తది. పాత నంబరే ఉండి మెసేజ్‌లో మాత్రమే పేరు మారితే నమ్మకు, సంస్థ వెబ్‌సైట్‌లో బుకింగ్ తెరిచి నువ్వే చూడు. పోను, రాను రెండూ ఒకేసారి సరిచేయించు. పేరు మారేదాక వెబ్ చెక్-ఇన్ చేయకు. దారిలో రెండో విమానం వేరే సంస్థదైతే ఈ దిద్దుబాటు చాలాసార్లు కుదరదు, రద్దు చేసి కొత్తది కొనాల్సి రావొచ్చు. మాకు అట్లనే అయింది. అందుకే ఈ వారమే పో.

ఇంకొకటి, అక్క దగ్గరికి పోతూ దుబాయ్‌లో దిగి రెండు రోజులు ఉండాలనుకుంటే వేరే కథ. 2022 నవంబర్‌లో యూఏఈ ఒక్క పేరు పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద వచ్చేటోళ్లను రానీయమన్నది. తర్వాత పాస్‌పోర్ట్ రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే సరే అన్నరు. విమానం మారుడే అయితే ఆ వీసా ముచ్చట రాదు, అయినా అదే మెయిల్‌లో అడిగెయ్యి.

పాస్‌పోర్ట్‌లోనే ఇంటిపేరు ఎక్కించుకోవచ్చు. వివరాల మార్పు కింద రీఇష్యూకు పెట్టాలె, 36 పేజీలకు మామూలు ఫీజు 1500 రూపాయలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రాల్లోనే అయితది. కాకపోతే ముందు ఆధార్‌లో ఇంటిపేరు ఉండాలె, మన ఆడోళ్లు చాలామందికి అక్కడ్నే ఒక్క పేరు ఉంటది. కానీ ఇప్పుడు ముట్టుకోకు. వీసా పాత పేరు మీద ఉన్నది, పాస్‌పోర్ట్ మారితే రెండూ కలవవు. అమ్మ పోయి తిరిగొచ్చినంక, మళ్లీ వీసా పెట్టే ముందట చేయించు. మా అమ్మది మేం అప్పుడే మార్పించినం.