టెక్ సందేహాలు: లారీకి 11 టన్నులు, జవాబులో 12

ప్రశ్న: కర్నూలు నుంచి హైదరాబాద్‌కు లోడ్లు వేసుకోవడానికి పైథాన్‌లో ప్రోగ్రామ్ రాశాను. ఉల్లిగడ్డల పార్టీ 7 టన్నులకు 14 వేలు, లేదా 4 టన్నులకు 9 వేలు బాడుగ ఇస్తుంది. శనక్కాయల పార్టీ 5 టన్నులకు 8 వేలు, లేదా 3 టన్నులకు 5 వేలు. ఒక్కో పార్టీ నుంచి ఒక్క లోడే. లారీకి 11 టన్నులు. బరువు షరతుకు లాగ్రాంజియన్ రిలాక్సేషన్ చేస్తే 20.5 వేలు, 12 టన్నులు అని చూపిస్తోంది. తప్పెక్కడండీ?

జవాబు: ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. ఆ 20.5 మీ చేతికొచ్చే బాడుగ కాదు, లారీలో పట్టే ఏ లోడుకైనా దాటలేని పైహద్దు.

మీరు బరువు షరతును తీసేసి, దాని బదులు టన్నుకు u వేల ధర పెట్టారు. 11 దాటిన ప్రతి టన్నుకూ u కోత, మిగిలిన ప్రతి టన్నుకూ u కలుపు. లారీలో పట్టే లోడుకు కలుపే తప్ప కోత పడదు కాబట్టి, దాని లెక్క అసలు బాడుగకు తగ్గదు. u సున్నా గానీ అంతకు మించి గానీ ఉంటే, వచ్చే గరిష్ఠం అసలు జవాబుకు కింద పడదు.

```python
from itertools import product
A = [(0,0), (14,7), (9,4)]
B = [(0,0), (8,5), (5,3)]
def L(u):
    return max(p+q + u*(11-w-z)
        for (p,w),(q,z) in product(A,B))
```

u = 0 దగ్గర 22, 1 దగ్గర 21, 1.5 దగ్గర 20.5, 2 దగ్గర మళ్లీ 23. కాబట్టి అన్నిటికన్నా బిగువైన హద్దు 20.5. అక్కడ రెండు లోడ్లు సమానమవుతాయి: 7+5 టన్నులైతే 22లో 1.5 కోత, 7+3 టన్నులైతే 19కి 1.5 కలుపు. ప్రోగ్రామ్ మొదట కనబడినది ఎత్తుకుంది, అంతే. రెండోది 10 టన్నులే, లారీలో పడుతుంది. బాడుగలన్నీ పూర్తి వేలల్లోనే ఉన్నాయి కనుక హద్దు 20కి దిగుతుంది. 19 వేల లోడు చేతిలో ఉంది, ఇక పోతే పోయేది వెయ్యి.

u*11 రాయడం మర్చిపోయేవాళ్లు చాలామంది. అప్పుడు 1.5 దగ్గర 4 వస్తుంది. దొరికిన లోడు బాడుగ కన్నా హద్దు తక్కువ వచ్చిందంటే కోడ్‌లో తప్పున్నట్టే.

ఆ వెయ్యి సందేహం కూడా తీరాలంటే, బరువు షరతును అలాగే ఉంచి, "ఉల్లిగడ్డల పార్టీ నుంచి ఒక్క లోడే" అన్నదాన్ని లక్ష్యంలోకి తెచ్చి 4 వేల ధర పెట్టండి. ఆ పార్టీ లోడ్లు 14, 9 కాస్తా 10, 5 అవుతాయి. 11 టన్నుల్లో గరిష్ఠం 15. షరతు తాలూకు 4 కలిపితే 19. హద్దూ లోడూ ఒకటే అయ్యాయి కాబట్టి 7+3 లోడును మించింది లేదని తేలిపోయింది.

మొదటి దారిలో ఇది రాలేదెందుకంటే, బరువు తీసేశాక మిగిలిన ఎంపిక షరతులు భిన్నాలు ఒప్పుకున్నా పూర్ణాంకాలే ఇస్తాయి. అలాంటప్పుడు హద్దు మామూలు లీనియర్ ప్రోగ్రామ్ ఇచ్చే 20.5ను దాటి బిగుసుకోదు. జెఫ్రియన్ అనే పరిశోధకుడు 1974లో చూపించింది ఇదే. రెండో దారికి ఖర్చుంది: ధర మార్చిన ప్రతిసారీ 11 టన్నుల మూట సర్దే లెక్క మళ్లీ చేయాలి. నాలుగు లోడ్లకు అదేం లెక్కలోది కాదు, నాలుగు వందలైతే డైనమిక్ ప్రోగ్రామింగ్ రాసుకోవాల్సిందే.