వేసవి విందులో గుండిగ చల్లారే వేళే అసలు ప్రమాదం

ప్రశ్న: ఎండాకాలంలో మూడు వందల మందికి మధ్యాహ్న భోజనం పెడుతున్నాము. పనిభారం తగ్గుతుందని మాంసం కూర ముందురోజు రాత్రే వండించాలనుకుంటున్నాము. ఇది క్షేమమేనా? వంట, నిల్వ, వడ్డన ఎలా నడిపితే ఎవరికీ కడుపు పాడవకుండా ఉంటుంది?

జవాబు:

వద్దండి. మాంసం కూరను విందు రోజు ఉదయమే వండించండి. పెద్ద వంటల పర్యవేక్షణలో చాలాకాలంగా ఉన్నవాడిగా చెబుతున్నాను: అతిథులు జబ్బుపడిన సందర్భాల్లో నేను ఆరా తీసినప్పుడల్లా లోపం వండడంలో కన్నా, వండినదాన్ని చల్లార్చడంలోనే ఎక్కువగా కనిపించింది. ఉడికించిన పదార్థంలో క్రిములన్నీ చచ్చిపోతాయని మనం నమ్ముతాము గాని, కొన్ని క్రిములు బీజాల రూపంలో మరిగే వేడిని కూడా తట్టుకుని అడుగున మిగిలిపోతాయి, కూర చల్లారుతున్నప్పుడు మళ్ళీ మేల్కొంటాయి.

నేను దగ్గరగా చూసిన ఒక విందు సంగతి చెబుతాను. అక్కడ మాంసం కూరను రాత్రి పది గంటలకు దించి, నలభై లీటర్ల గుండిగలోనే మూత పెట్టి వంటశాలలో ఒక మూల ఉంచారు. తెల్లవారి గరిటెను అడుగుదాకా దించి తీస్తే అది ఇంకా గోరువెచ్చగానే ఉంది. పైన పొగ లేదు, వాసన మారలేదు, రుచి కూడా బాగుంది. పదకొండున్నరకు మళ్ళీ పొయ్యి మీద పెట్టి, అంచుల్లో బుడగలు రాగానే దించి వడ్డించారు. ఒంటిగంటకు తిన్నవారిలో చాలామందికి ఆ రాత్రి తొమ్మిది దాటాక కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి. వాంతులు దాదాపు లేవు, జ్వరం లేదు, మరునాటి సాయంత్రానికి ఎక్కువమంది తేరుకున్నారు. అందరూ పెరుగు పుల్లగా ఉందని దాని మీద నింద వేశారు. నిజానికి ఆ భోజనంలో నేను అన్నిటికన్నా తక్కువగా అనుమానించేది ఆ పెరుగునే, ఎందుకంటే పులుపులో ఇలాంటి క్రిములు పెరగడం కష్టం.

పరీక్షశాల నివేదిక ఏదీ నేను చూడలేదు గాని, తిన్న ఎనిమిది గంటల నుంచి పదహారు గంటల లోపు నొప్పితో కూడిన విరేచనాలు రావడం, వాంతులు, జ్వరం లేకపోవడం, పెద్ద పాత్రలో నెమ్మదిగా చల్లారిన మాంసం, ఈ మూడూ కలిస్తే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియానే ముందుగా తలచుకోవాలి. దానికి గాలి గిట్టదు. మరిగిన కూరలోంచి గాలి వెళ్ళిపోయి ఉంటుంది, పైన మూత ఉంది, మధ్యభాగం గంటల తరబడి 40 డిగ్రీలకు కాస్త పైనే ఉంది. అది కోరుకునేది సరిగ్గా ఇదే. 43 నుంచి 46 డిగ్రీల మధ్య ఇది దాదాపు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్క క్రిమి మూడు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. మళ్ళీ కాచేటప్పుడు కూర అంతా అడుగునుంచి పైదాకా 74 డిగ్రీలు దాటి ఉంటే ఎదిగిన క్రిములు చచ్చేవే. కానీ చిక్కని కూరలో అంచులు బుడగలు వేస్తున్నా మధ్యభాగం 50 దగ్గరే ఉండిపోవచ్చు. ఈ తేడా కంటికి కనపడదు, కాబట్టి పొడవైన సూది ఉన్న వంట థర్మామీటర్ ఒకటి తప్పనిసరిగా కొనండి. అది సరిగ్గా చూపుతోందో లేదో తెలుసుకోవాలంటే, నలిపిన ఐసు నిండిన నీళ్ళలో ముంచితే సున్నా చూపాలి.

ముందురోజు వండక తప్పని పరిస్థితి వస్తే చల్లార్చడాన్నే ఒక ప్రత్యేకమైన పనిగా పెట్టుకోవాలి. వంటవృత్తిలో పాటించే హద్దు ఇది: 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో దిగాలి, అక్కడినుంచి 5కి మరో నాలుగు గంటల్లో చేరాలి. గుండిగను అలాగే ఫ్రిజ్‌లో పెడితే ఇది జరగదు, పైగా లోపలున్న మిగతా పదార్థాలు కూడా వేడెక్కుతాయి. కూరను రెండంగుళాలకు మించని లోతులో వెడల్పాటి పళ్ళేల్లోకి పలచగా సర్ది, వాటిని ఐసు నీళ్ళలో నిలబెట్టి కలుపుతూ ఉండాలి. మందం సగానికి తగ్గితే మధ్యభాగం చల్లారే సమయం సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఐసు ఎంత కావాలో లెక్క వేసుకుంటే చాలామంది ఈ ఆలోచన మానుకుంటారు. నలభై కిలోల కూరను 90 డిగ్రీల నుంచి 20కి తేవడానికి ఏమీ వృథా కాకపోయినా పాతిక కిలోలకు పైగా ఐసు కరగాలి, ఆచరణలో నలభై కిలోలు పెట్టుకోవాలి. తర్వాత అంత కూరను 5 డిగ్రీల లోపు ఉంచే చోటు కూడా ఉండాలి. ఇవన్నీ సమకూర్చుకునే బదులు ఇద్దరు వంటవాళ్ళను అదనంగా పిలిచి పొద్దున్నే వండించడం తేలిక.

వేళలను వడ్డన నుంచి వెనక్కి లెక్కించాలి. మొదటి బంతి పన్నెండున్నరకు, చివరి బంతి రెండున్నరకు అనుకుందాము. ముందురోజు మసాలా పొడులు, పప్పులు ఏరడం, కూరగాయలు కడిగి ఆరబెట్టడం, పాత్రలు సిద్ధం చేయడం వంటివన్నీ ముగించవచ్చు. నీటి శాతం బాగా తక్కువగా ఉండే పొడి మిఠాయిలు, కరకరలాడే వేపుళ్ళు కూడా ముందే చేసుకోవచ్చు. పాలతో చేసే మెత్తని తీపి పదార్థాలు మాత్రం ఆ రోజే చేయాలి, లేదా చేసిన వెంటనే ఫ్రిజ్‌లోకి చేరాలి. పచ్చి మాంసం ఉదయం ఏడున్నర దాకా ఐసులోనే ఉండి, అక్కడినుంచి నేరుగా వంటకు రావాలి. దాన్ని కడిగిన, కోసిన చోటుకు పచ్చిగా తినే ముక్కలు రాకూడదు, కత్తులు, పీటలు కూడా వేరుగా ఉండాలి. కూర పదకొండున్నరకు, పప్పు పన్నెండుకు దిగితే చాలు. అంతకన్నా ముందే ముగించాలని వంటమేస్త్రీలు తొందరపడతారు, వారి బాధ నాకు తెలుసు, కానీ ఉదయం తొమ్మిదికే తయారైన కూరను మూడు గంటలకు పైగా వేడిగా కాపాడడం మరింత కష్టమైన పని.

అన్నం సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు కూడా ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా కుప్పపోసి ఉంటే అవి మొలకెత్తి ఒక విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు, తిన్న ఒకటి నుంచి ఆరు గంటల లోపే వాంతులు పుట్టిస్తుంది. అందుకే మొత్తం అన్నాన్ని ఒకేసారి వండించకండి. పన్నెండుకు ఒకటి, ఒంటిగంటకు ఒకటి, రెండుకు ఒకటిగా మూడు విడతల్లో దించితే ప్రతి బంతికీ వేడి అన్నమే అందుతుంది. పాత విడతలో మిగిలినదాన్ని కొత్తదానిలో కలపకూడదు. ఈ ఒక్క మాట వడ్డించేవారికి రెండుసార్లు చెప్పాలి, ఎందుకంటే వృథా చేయకూడదన్న మంచి బుద్ధితోనే వారు కలిపేస్తారు.

వేడి పదార్థాలు వడ్డన ముగిసేదాకా 60 డిగ్రీలకు పైనే ఉండాలి, చల్లనివి 5 డిగ్రీల లోపు. హాట్‌బాక్స్ వేడిని నిలుపుతుందే గాని పుట్టించదు. కాబట్టి దానిలో ముందుగా మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, అప్పుడు కూర నింపాలి. సగం నింపిన డబ్బా త్వరగా చల్లారుతుంది, నిండుగా నింపి ఒకటొకటిగా తెరవడం మంచిది. అరగంటకొకసారి మధ్యభాగంలో సూది గుచ్చి చూసే పనిని ఒక మనిషికి అప్పగించండి, ఆ మనిషికి వేరే పని చెప్పకండి. 60 కిందికి దిగినట్టు కనిపిస్తే, దిగి ఎక్కువసేపు కాలేదని తెలిసినప్పుడు మాత్రమే పొయ్యి మీదకు తీసుకెళ్ళి, కలుపుతూ 74 దాటించి తిరిగి తేవచ్చు. బల్ల మీద బయట ఉంచిన పదార్థానికి మామూలుగా రెండు గంటలు హద్దు, గాలి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మీ విందు నాటి ఎండకు ఆ ఒక్క గంటే లెక్క. అందుకే పెరుగు, కోసిన పండ్లు, పచ్చి కూరముక్కలు చిన్న గిన్నెల్లో ఐసు మీద పెట్టి, అయిపోయాక మరో గిన్నె తేవాలి. తాగే నీళ్ళలో వేసే ఐసు తాగునీటితో చేసినదే కావాలి, పాత్రలను చల్లబరిచే ఐసును అందులో వేయకూడదు.

ఉడికిన తర్వాత చేత్తో కలిపేవి, తుంచేవి, అలంకరించేవి ఎంత తగ్గిస్తే అంత మంచిది. వేలి మీది పుండులోనూ ముక్కులోనూ ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ అలా ఆహారంలోకి చేరి, వేడికి చెక్కుచెదరని విషాన్ని విడుస్తుంది. కోతపడిన వేలు, విరేచనాలు లేదా వాంతులు ఉన్న మనిషిని ఆ రోజు ఆహారం దగ్గరకు రానీయకండి, కూలి తెగకుండా మరో పని ఇవ్వండి. కూలి పోతుందన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు. సబ్బు, పారే నీళ్ళు వంట దగ్గరే ఉంటే చేతులు కడుగుతారు, దూరంగా ఉంటే కడగరు.

మిగిలినవాటిని ఇంటికి మూటకట్టి పంపకండి. మూతపెట్టిన డబ్బా ఎండలో బండిలో గంటన్నర ప్రయాణిస్తే, వేడిగా కాపాడిన శ్రమంతా అక్కడ వృథా అవుతుంది. అయితే ప్రతి పదార్థం నుంచి శుభ్రమైన గరిటెతో పావుకిలో తీసి, పేరు, వేళ రాసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరైనా జబ్బుపడితే ఏ పదార్థం కారణమో పరీక్షించి తేల్చడానికి అది తప్ప మరో ఆధారం ఉండదు. అలా జరిగితే, ఎవరు ఎప్పుడు తిన్నారు, లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయి అని రాసుకుని వైద్యుడికి చూపించండి. ఈలోగా ఓఆర్‌ఎస్ తాగించాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు తాగునీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి, చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. విరేచనంలో రక్తం, ఎక్కువ జ్వరం, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం కనిపిస్తే, లేదా జబ్బుపడినది పసిబిడ్డ, గర్భిణి, వృద్ధులు అయితే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.